వారం ఆదివారం మొదలా, మంగళవారం మొదలా? ఓవర్‌టైమ్ తేలేది అక్కడే

వరుసగా ఏడు రోజులు, రోజుకు 12 గంటల డ్యూటీ. ఆ తర్వాత ఏడు రోజులు సెలవు. డ్యూటీ రోజులు మారలేదు, గంటలు మారలేదు, రేటు కూడా మారలేదు. అయినా జీతం తగ్గింది. కంపెనీ మార్చింది ఒక్కటే: లెక్కల్లో వారం ఏ రోజు మొదలవుతుందన్నది.

అమెరికాలో రెడ్‌లాండ్ ఎనర్జీ సర్వీసెస్ అనే కంపెనీ డ్రిల్లింగ్ కార్మికుల విషయంలో జరిగింది ఇదే. వాళ్లు కోర్టుకు వెళ్లారు. 2012లో ఎనిమిదో సర్క్యూట్ అప్పీల్ కోర్టు కంపెనీ వైపే తీర్పు ఇచ్చింది. అక్కడ గోదాముల్లో, పెట్రోల్ బంకుల్లో, హోటళ్లలో గంటల లెక్కన పనిచేసే మన పిల్లలకు కూడా ఈ లెక్క తెలిసి ఉండాలి.

చట్టం ఏమంటోంది?

1938 నాటి ఫెయిర్ లేబర్ స్టాండర్డ్స్ యాక్ట్ ప్రకారం, ఓవర్‌టైమ్ హక్కు ఉన్న ఉద్యోగి ఒక వారంలో 40 గంటలు దాటి చేసిన ప్రతి గంటకూ ఒకటిన్నర రెట్లు ఇవ్వాలి. వారం అంటే వరుసగా 168 గంటలు. అది ఏ రోజైనా, ఏ గంటకైనా మొదలు కావచ్చు. ఆ నిర్ణయం యజమానిదే. వేర్వేరు గ్రూపులకు వేర్వేరు వారాలు పెట్టుకున్నా తప్పు కాదు. కానీ రెండు వారాలు కలిపి సగటు తీయడానికి మాత్రం వీల్లేదు.

లెక్క చూద్దాం

గంటకు 20 డాలర్లు అనుకుందాం. డ్యూటీ మంగళవారం మొదలై వచ్చే సోమవారంతో అయిపోతుంది. మొత్తం 84 గంటలు.

కంపెనీ వారం కూడా మంగళవారమే మొదలైతే 84 గంటలూ ఒకే వారంలో పడతాయి. 40 గంటలకు 800 డాలర్లు, మిగతా 44 గంటలకు 30 డాలర్ల చొప్పున 1,320 డాలర్లు. మొత్తం 2,120.

వారం ఆదివారం మొదలైతే అదే డ్యూటీ రెండు ముక్కలవుతుంది. మంగళవారం నుంచి శనివారం వరకు 60 గంటలు, అంటే ఓవర్‌టైమ్ 20 గంటలే. ఆ వారానికి 1,400 డాలర్లు. ఆదివారం, సోమవారం చేసిన 24 గంటలు తర్వాతి వారంలోకి పోతాయి. అక్కడ 40 దాటవు కాబట్టి 480 డాలర్లే. రెండూ కలిపితే 1,880. ఒక్క డ్యూటీ విడతకే 240 డాలర్లు తగ్గిపోయాయి.

అదే కంపెనీలో ఆదివారం నుంచి శనివారం దాకా డ్యూటీ పడినవాడికి మాత్రం 44 గంటల ఓవర్‌టైమ్ పూర్తిగా వస్తుంది. పని ఇద్దరిదీ సమానమే.

మార్చడానికి హద్దు లేదా?

ఉంది. మార్పు శాశ్వతంగా ఉండాలనే ఉద్దేశంతో చేయాలి. పని ఎక్కువున్న వారం ఒకలా, తక్కువున్న వారం ఇంకోలా జరుపుతూ పోతే అది ఎగవేతే. అయితే శాశ్వత మార్పు అయినప్పుడు, ఖర్చు తగ్గించుకోవడానికే చేసినా చట్టవిరుద్ధం కాదని రెడ్‌లాండ్ కేసులో కోర్టు చెప్పింది.

మారే వారంలో ఇంకో జాగ్రత్త ఉంది. మంగళవారం నుంచి ఆదివారానికి మార్చితే, ఆ ఆదివారం, సోమవారం పాత వారంలోకీ వస్తాయి, కొత్త వారంలోకీ వస్తాయి. అప్పుడు ఆ గంటలను ఒకసారి పాత వారంలో, ఇంకోసారి కొత్త వారంలో వేసి లెక్క కట్టాలి. ఏది ఎక్కువైతే అది ఇవ్వాలి.

జుమా సెలవు, ఆదివారం డ్యూటీ

సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజుకు 8 గంటలు చేసే వ్యక్తి, జుమా కోసం శుక్రవారం సెలవు పెట్టి బదులుగా ఆదివారం వస్తానన్నాడనుకుందాం. కంపెనీ వారం ఆదివారం మొదలైతే ఈ వారం 32 గంటలు, వచ్చే వారం 48 గంటలు అవుతాయి. 8 గంటల ఓవర్‌టైమ్ ఇవ్వాల్సిందే, పోయిన వారం తక్కువ చేశాడు కదా అని సర్దడం కుదరదు. మేనేజర్ ఒప్పుకోకపోవడానికి కారణం ఇదే కావచ్చు. శనివారం వస్తానంటే రెండూ ఒకే వారంలో పడి 40 దగ్గరే ఆగుతుంది.

ఎలా తెలుసుకోవాలి?

వారం ఏ రోజు, ఏ టైమ్‌కు మొదలవుతుందో యజమాని రికార్డులో రాసి ఉంచాలి. ఉద్యోగి హ్యాండ్‌బుక్ చూడాలి, లేదంటే పేరోల్ వాళ్లను అడగాలి. జీతం రెండు వారాలకోసారి వస్తే, స్లిప్పులో మొత్తం 80 గంటలు అని మాత్రమే ఉండి ఓవర్‌టైమ్ సున్నా ఉంటే అనుమానించాలి. అందులో ఒక వారం 50, ఇంకో వారం 30 అయి ఉంటే 10 గంటల ఓవర్‌టైమ్ రావాల్సిందే. రోజూ వచ్చిన టైమ్, వెళ్లిన టైమ్ సొంతంగా రాసుకుంటేనే ఇది పట్టుబడుతుంది. ఫిర్యాదు కార్మిక శాఖలోని వేజ్ అండ్ అవర్ డివిజన్‌కు ఇవ్వొచ్చు. కోర్టుకు వెళ్లడానికి మామూలుగా గడువు రెండేళ్లు, యజమాని తెలిసే ఎగ్గొడితే మూడేళ్లు.