చారిత్రక వ్యాసం: కథనం నుండి కారణ వివేచనకు

చరిత్ర ప్రశ్నపత్రంలో "కారణాలను వివరించండి" అన్న మాట తరచుగా కనిపిస్తుంది. సమాధాన పత్రంలో మాత్రం చాలాసార్లు కారణాలకు బదులు కథ కనిపిస్తుంది. మొదట ఇది జరిగింది, తరువాత అది జరిగింది, ఆపై మరొకటి జరిగింది అంటూ విద్యార్థి సంవత్సరాల వెంట నడిచి చివరి సంఘటనను చేరుకొంటాడు. ఏమి జరిగిందో అందులో తెలుస్తుంది కాని, ఎందుకు జరిగిందో తెలియదు. అటువంటి వ్యాసాన్ని కారణాలను, వాటి తారతమ్యాన్ని తెలిపే వ్యాసంగా ఎట్లా తిరిగి రాయవచ్చునో ఒక ఉదాహరణతో పరిశీలిద్దాం.

ప్రశ్న ఇది: "1953లో ఆంధ్రరాష్ట్రం ఏర్పడడానికి గల కారణాలను వివరించండి." దీనికి ఒక విద్యార్థి ఈ విధంగా సమాధానం రాశాడనుకొందాం.

"1913లో బాపట్లలో ప్రథమ ఆంధ్ర మహాసభ జరిగింది. ఆ తరువాత 1937లో కోస్తా, రాయలసీమ నాయకులు శ్రీబాగ్ ఒడంబడిక చేసుకొన్నారు. 1948లో ధార్ కమిషన్ ఏర్పడింది. 1949లో జె.వి.పి. కమిటీ నివేదిక వచ్చింది. 1951లో స్వామి సీతారాం నిరాహారదీక్ష చేశారు. 1952లో సార్వత్రిక ఎన్నికలు జరిగాయి. అనంతరం పొట్టి శ్రీరాములు 58 రోజులు దీక్ష చేసి అమరులయ్యారు. తరువాత నెహ్రూ ప్రకటన చేశారు. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్రరాష్ట్రం ఏర్పడింది."

ఇందులో అసత్యమైన వాక్యం ఒక్కటీ లేదు. సంవత్సరాలు సరిగానే ఉన్నాయి. అయినా ఇది ప్రశ్నకు సమాధానం కాదు. ఆ సంగతి తెలుసుకోవడానికి సులభమైన పరీక్ష ఒకటి ఉంది. ధార్ కమిషన్‌ను గూర్చిన వాక్యాన్ని కొట్టివేసి చదవండి. తక్కిన వాక్యాలలో దేనికీ లోటు రాదు. అంటే ఆ వాక్యం వరుసలో నిలుచున్నదే గాని, ఏ భారాన్నీ మోయడం లేదు. వివరణ అయిన రచనలో ఒక వాక్యాన్ని తొలగిస్తే దాని తరువాతి వాక్యం ఆధారం లేక కూలిపోవాలి.

ఈ లోపానికి మన తార్కికులు ఏనాడో పేరు పెట్టారు. కాకి వచ్చి వాలగానే తాటిపండు రాలింది. వాలడం ముందు, రాలడం వెనుక. అంతమాత్రాన కాకి వల్లనే పండు రాలిందనలేము. దీనినే కాకతాళీయ న్యాయమన్నారు. వారు మరొక దృష్టాంతం కూడా చెప్పారు. కుండ తయారు కావడానికి మన్ను కావాలి, కుమ్మరి కావాలి, చక్రం కావాలి. ఆ మన్నును మోసుకువచ్చిన గాడిద కూడా కుండకు ముందే ఉన్నది. కాని దానిని కుండకు కారణంగా లెక్కించరాదు. మన్ను బండిమీద వచ్చినా కుండ తయారయ్యేదే. ముందు ఉన్నప్పటికీ కారణం కాని ఇటువంటిదానిని వారు 'అన్యథాసిద్ధం' అన్నారు. వరుసగా రాసిన చరిత్ర వ్యాసంలో మన్నూ, కుమ్మరీ, గాడిదా ఒకే పంక్తిలో కూర్చొని ఉంటాయి. తిరిగి రాయడమంటే వాటిని వేరుపరచడమే.

వేరుపరచడానికి ముందుగా ఒక ప్రశ్న వేసుకోవాలి: ఈ ఫలితం ఇంతకుముందే ఎందుకు రాలేదు? తెలుగువారికి ప్రత్యేక రాష్ట్రం కావాలన్న కోరిక 1913 నాటికే సభారూపం దాల్చింది. రాష్ట్రం ఏర్పడింది 1953లో. కోరిక ఒక్కటే చాలిన కారణమైతే నలభై సంవత్సరాల ఆలస్యానికి అర్థం ఉండదు. కనుక కోరికతోపాటు దానికి అడ్డుపడిన అవరోధాలను కూడా గుర్తించాలి. అవి ప్రధానంగా మూడు. కోస్తా జిల్లాల ఆధిక్యం తమను అణగదొక్కుతుందని రాయలసీమవారికి కలిగిన శంక ఒకటి. మద్రాసు నగరం ఎవరికి చెందాలన్న వివాదం రెండవది. దేశవిభజన గాయం మానకముందే భాషను బట్టి రాష్ట్రాలను విభజిస్తే సమైక్యత చెడుతుందని కేంద్ర నాయకులకు కలిగిన భయం మూడవది.

ఇప్పుడు పై వ్యాసంలోని వాక్యాలను ఈ అవరోధాల పక్కన పెట్టి చూడండి. శ్రీబాగ్ ఒడంబడిక మొదటి అవరోధాన్ని సడలించింది. నీటిపారుదలలో రాయలసీమకు ప్రాధాన్యం ఇస్తామని, రాజధాని, హైకోర్టులలో ఒకదానిని ఆ ప్రాంతం కోరుకోవచ్చునని అందులో అంగీకారం కుదిరింది. వ్యాసం చివర హఠాత్తుగా కనిపించిన 'కర్నూలు రాజధాని' అన్న మాటకు మూలం ఇక్కడ ఉన్నది. ధార్ కమిషన్ భాషారాష్ట్రాలు తగవని చెప్పింది. అంటే అది మూడవ అవరోధానికి రూపం. జె.వి.పి. కమిటీ భాషారాష్ట్రాలను వాయిదా వేయమంటూనే, మద్రాసు నగరంపై హక్కు వదులుకొంటే ఆంధ్ర విషయాన్ని పరిశీలించవచ్చునన్నది. అంటే అది తలుపును కొద్దిగా తెరిచి, ప్రవేశానికి షరతు పెట్టింది. ఇట్లా ప్రతి సంఘటనకూ ఒక పని ఏర్పడుతుంది. ఏ పనీ దొరకని సంఘటనను నిస్సంకోచంగా విడిచిపెట్టవచ్చు.

కారణాలను గుర్తించిన తరువాత వాటి బరువును తూచాలి. ఇందుకు కూడా మన తర్కశాస్త్రమే సాధనాన్ని ఇస్తున్నది. కారణం ఉన్నచోట కార్యం ఉండడం అన్వయం. కారణం లేనిచోట కార్యం లేకపోవడం వ్యతిరేకం. ఈ రెండింటినీ పట్టి చూడాలి. పొట్టి శ్రీరాములు దీక్ష వల్లనే రాష్ట్రం వచ్చిందని చాలామంది రాస్తారు. కాని 1951 ఆగస్టులో స్వామి సీతారాం అనే పేరుతో ప్రసిద్ధులైన గొల్లపూడి సీతారామశాస్త్రి కూడా ఇదే కోరికతో దీక్ష పూని 35 రోజులు కొనసాగించారు. వినోబాభావే విజ్ఞప్తిపై దానిని విరమించారు. రాష్ట్రం రాలేదు. దీక్ష ఉన్నది, ఫలితం లేదు. కనుక దీక్ష అనేది ఒక్కటే చాలిన కారణం కాదని తేలుతున్నది.

మరి ఆ రెండు దీక్షల నడుమ మారినదేమిటి? 1952 ఆరంభానికి ముగిసిన తొలి సార్వత్రిక ఎన్నికలలో మద్రాసు శాసనసభలోని 375 స్థానాలలో కాంగ్రెసుకు 152 మాత్రమే దక్కాయి. ఆంధ్ర జిల్లాలలో ఆ పార్టీ బాగా దెబ్బతిన్నది. రాష్ట్ర సమస్యను నాన్చడం వల్ల నష్టం కలుగుతుందని దీనితో స్పష్టమైంది. రెండవ భేదం దీక్ష ముగింపులో ఉన్నది. 1952 అక్టోబరు 19న ఆరంభమైన శ్రీరాములు దీక్ష డిసెంబరు 15న ఆయన మరణంతో ముగిసింది. ఆంధ్ర జిల్లాలు అట్టుడికిపోయాయి. పోలీసు కాల్పులలో ప్రాణనష్టం జరిగింది. డిసెంబరు 19న ప్రధాని నెహ్రూ ప్రకటన వెలువడింది. మరణానికీ ప్రకటనకూ నడుమ ఉన్న వ్యవధి నాలుగు రోజులే. ఈ సామీప్యాన్ని కాకతాళీయమని కొట్టివేయలేము. ఎందుకంటే ఆ మరణం కలిగించిన అలజడి ప్రభుత్వాన్ని ఏ విధంగా ఒత్తిడికి గురిచేసిందో చూపగలుగుతున్నాము. ముందువెనుకలు మాత్రమే కాక, ఒకటి మరొకదానిని చేరిన దారిని కూడా చూపగలిగినప్పుడే 'అందువల్ల' అనే మాట వాడాలి.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఎన్నికల ఫలితం, దీక్షాపరుని మరణం ఒకే సంవత్సరంలో వచ్చాయి. వీటిలో ఒకటి లేకుంటే రెండవది ఎంత పని చేసేదో కచ్చితంగా తేల్చలేము. కనుక 'ఏకైక కారణం', 'నూటికి నూరుపాళ్లు' వంటి మాటలు తగవు. 'త్వరపరచింది', 'అనివార్యం చేసింది', 'అవకాశం కల్పించింది' అనే క్రియలలో ప్రతిదానికీ బరువు వేరు. ఆధారం ఎంతవరకు అనుమతిస్తే అంతవరకే వాటిని వాడాలి.

అంతేకాక, కారణం బరువు ప్రశ్నను బట్టి మారుతుంది. రాష్ట్రం ఎందుకు కావలసివచ్చిందని అడిగితే చిరకాలపు అసంతృప్తికే పెద్దపీట. 1952 డిసెంబరులోనే ఎందుకు నిర్ణయం జరిగిందంటే శ్రీరాములు ఆత్మార్పణకు అగ్రస్థానం. మద్రాసు నగరం లేకుండా ఎందుకు వచ్చిందంటే ఆ ఆత్మార్పణ సమాధానం చెప్పదు, జె.వి.పి. కమిటీ షరతు చెబుతుంది. ఇందులో త్యాగాన్ని తక్కువచేయడం లేదు. అది దేనిని సాధించిందో, దేనిని సాధించలేకపోయిందో చెప్పడమే దానికి న్యాయం చేయడం.

ఈ వివేచన తరువాత వ్యాసం ఇట్లా రూపొందుతుంది.

"ఆంధ్రరాష్ట్ర అవతరణకు మూలకారణం బహుభాషా ప్రాంతమైన మద్రాసు రాష్ట్రంలో తమకు తగిన స్థానం లేదని తెలుగువారికి కలిగిన అసంతృప్తి. అయితే 1913 నుండి సభలలో వినిపించిన ఈ కోరిక చాలాకాలం ఫలించలేదు. ప్రాంతాల మధ్య శంక, మద్రాసు నగర వివాదం, కేంద్రానికి గల విభజన భయం దానిని అడ్డగించాయి. వీటిలో మొదటిదానిని 1937 నాటి శ్రీబాగ్ ఒడంబడిక సడలించింది. రాజధాని కర్నూలుకు రావడం దాని ఫలితమే. కేంద్రం వైఖరి మాత్రం మారలేదు. అందువల్లనే 1951లో స్వామి సీతారాం దీక్ష నిష్ఫలమైంది. 1952 ఎన్నికలలో తగిలిన దెబ్బ ఆ వైఖరిని బలహీనపరచగా, శ్రీరాములు మరణం, దానివల్ల చెలరేగిన అలజడి నిర్ణయాన్ని ఇక వాయిదా వేయలేని స్థితి కల్పించాయి. నగర వివాదం 1949 నాటి జె.వి.పి. షరతు ప్రకారమే ముగిసినందున రాష్ట్రం మద్రాసు లేకుండానే ఏర్పడింది. కనుక అసంతృప్తి రాష్ట్రాన్ని కోరింది, షరతు దాని రూపాన్ని నిర్ణయించింది, ఆత్మార్పణ దాని ఘడియను నిర్ణయించింది."

రెండు వ్యాసాలను పోల్చి చూడండి. రెండవదానిలో ధార్ కమిషన్ పేరు లేదు. దాని అభిప్రాయం కేంద్రం భయంలో కలిసిపోయింది. జె.వి.పి. షరతు 1949కి చెందినదైనా 1952 తరువాత వచ్చింది; వాక్యాల వరుసను కాలం కాక తర్కం నిర్ణయించింది. సంవత్సరాలు పోలేదు, వాక్యానికి ముందు నడవక, అవసరమైనచోట వెంట వస్తున్నాయి.

తిరిగి రాసేటప్పుడు మరొక పొరపాటు జరిగే అవకాశం ఉన్నది. కొందరు తేదీలను తీసివేసి, 'మొదటి కారణం, రెండవ కారణం, మూడవ కారణం' అంటూ అంకెలు వేస్తారు. అది కూడా వరుసే. సంవత్సరాల స్థానంలో అంకెలు వచ్చాయి, అంతే. ఏది లేకుంటే ఏది ఆగిపోయేదో, ఏది దేనికి తోడ్పడిందో చెప్పనంతవరకు జాబితా వివరణ కాదు. మీ వ్యాసం పూర్తికాగానే 'తరువాత', 'అనంతరం', 'ఆపై' అన్న మాటలకింద గీత గీయండి. ప్రతి గీతవద్ద 'అందువల్ల' అని కాని, 'అయినప్పటికీ' అని కాని పెట్టి చదవండి. వాక్యం నిలబడితే ఆ మాటను ఉంచి, ఎట్లా నిలబడిందో ఒక్క పంక్తిలో చెప్పండి. నిలబడకపోతే అక్కడ కారణం లేదు. మన్ను మోసిన గాడిద ఉన్నది.