తలంబ్రాల వేళ ఆగిపోయిన బొమ్మ

మా చిన్నక్క కూతురి పెళ్లి శ్రావణంలో, కోనసీమలో జరిగింది. ముహూర్తం రాత్రి 10 గంటల 42 నిమిషాలకు. డాలస్‌లో ఉన్న మా పెద్దక్కకు అది మధ్యాహ్నం 12 గంటల 12 నిమిషాలు. తను రాలేకపోయింది కాబట్టి ఫోన్‌లోంచి లైవ్ ఇచ్చే పని నా మీద పడింది. మధ్యాహ్నం ఖాళీ పందిట్లో నిలబడి స్పీడ్ టెస్ట్ చేశాను. అప్‌లోడ్ సెకనుకు 6 మెగాబిట్లు వచ్చింది. ఆ ధైర్యంతో 1080 క్వాలిటీ, 4,500 కిలోబిట్ల బిట్‌రేటు పెట్టేశాను. జీలకర్రా బెల్లం దాకా బాగానే నడిచింది. మంగళసూత్రధారణకు ముందు బొమ్మ బిగుసుకుపోయింది. "ఒరేయ్ తమ్ముడూ, పంతులుగారు చెయ్యెత్తి అలాగే ఉండిపోయారు" అని అక్క మెసేజ్ పెట్టింది. తాళి కట్టడం తను చూడనే లేదు.

తప్పు ఎక్కడ జరిగిందో తెలియాలంటే ముందు బిట్‌రేటు సంగతి చూడాలి. 720 క్వాలిటీలో సెకనుకు 30 బొమ్మలు తీసే కెమెరా నుంచి వచ్చే ముడి సమాచారం సుమారు 330 మెగాబిట్లు. దాన్ని ఉన్నదున్నట్టు పంపడం మామూలు మొబైల్ నెట్‌వర్క్‌కు సాధ్యం కాదు. అందుకని ఫోన్‌లోని ఎన్‌కోడర్ ఒక బొమ్మను పూర్తిగా పంపి, తర్వాతి బొమ్మల్లో మారిన భాగాన్ని మాత్రమే పంపుతుంది. ఆ పూర్తి బొమ్మను కీఫ్రేమ్ అంటారు. ఇలా కుదించిన సమాచారాన్ని సెకనుకు ఎంత చొప్పున పంపాలో చెప్పే అంకె బిట్‌రేటు. అంటే అది ఫోన్ వేసే బరువు. మోసేది మాత్రం అప్‌లోడ్ వేగం. మనం రోజూ సినిమాలు చూసే డౌన్‌లోడ్ వేగానికి ఇక్కడ పనే లేదు.

మధ్యాహ్నం 6 మెగాబిట్లున్న అప్‌లోడ్ ముహూర్తానికి ఏమైంది? పందిట్లోకి నాలుగు వందల మంది వచ్చారు. అందరి జేబుల్లోనూ ఫోన్లే. సగం మంది వీడియోలు తీసి అక్కడికక్కడే పంపుతున్నారు. ఊరికున్న ఒక్క టవర్‌ను అందరూ పంచుకోవాలి. నా వాటాకు రెండున్నర మెగాబిట్లు మిగిలాయనుకోండి. ఫోన్ నాలుగున్నర పంపుతోంది. సెకనుకు రెండు మెగాబిట్లు బయటికి పోలేక ఫోన్‌లోనే పేరుకుంటాయి. పది సెకన్లకు ఇరవై. రెండున్నర చొప్పున అవి బయటపడాలంటే ఎనిమిది సెకన్లు పడుతుంది. అంటే పది సెకన్ల రద్దీకే ప్రసారం ఎనిమిది సెకన్లు వెనకబడింది. ఫోన్ల నుంచి యూట్యూబ్‌కు సాధారణంగా వీడియోను మోసే ఆర్‌టీఎమ్‌పీ పద్ధతిలో దారిలో పోయిన ముక్కను మళ్లీ పంపేదాకా వెనకవి ఆగాల్సిందే, కాబట్టి వరుస ఇంకా పెరుగుతుంది. చివరికి పట్టే చోటు లేక ఆప్ కొన్ని బొమ్మలను పారేస్తుంది. డ్రాప్డ్ ఫ్రేమ్స్ అని తెరమీద కనిపించే అంకె ఇదే. పారేసిన వాటి మీద ఆధారపడ్డ తర్వాతి బొమ్మలు కూడా పనికిరావు. కొత్త కీఫ్రేమ్ వచ్చేదాకా చూసేవాళ్లకు పంతులుగారి చెయ్యి గాల్లోనే ఉంటుంది. అందుకే కీఫ్రేమ్‌ల మధ్య దూరం రెండు సెకన్లు పెట్టుకోవాలి. యూట్యూబ్ సిఫారసు చేసేదీ అదే.

బొమ్మలు పోవడానికి ఇంకో కారణం వేడి. ఛార్జింగ్ పెట్టి, లైట్ల కింద గంటల తరబడి నడిపితే ఫోన్ తనను తాను కాపాడుకోవడానికి ప్రాసెసర్ వేగం తగ్గించుకుంటుంది. అప్పుడు ఎన్‌కోడర్ సెకనుకు 30 బొమ్మలు తయారు చేయలేదు. ఈ రెంటినీ తేడా పట్టడం కష్టం కాదు. బొమ్మల అంకె 30 దగ్గరే ఉండి బయటికి పోతున్న బిట్‌రేటు పడిపోతే నెట్‌వర్క్ లోపం. బొమ్మల అంకే 20కి జారి, ఫోన్ చేతికి కాలుతుంటే వేడి. మొదటిదానికి బిట్‌రేటు తగ్గించాలి. రెండోదానికి కవర్ తీసి, ఫ్యాన్ గాలి తగిలేలా పెట్టి, రిజల్యూషన్ తగ్గించాలి.

ఆలస్యం గురించి కూడా చాలామంది కంగారుపడతారు. లైవ్‌లో కొన్ని సెకన్ల ఆలస్యం ఎప్పుడూ ఉంటుంది. అది ఒకేలా ఉన్నంతసేపూ అది జబ్బు కాదు. చూసేవారి ఫోన్ ముందుగానే కొంత వీడియో నిల్వ చేసుకుంటుంది. దారిలో చిన్న తడబాటు వచ్చినా ఆ నిల్వే ఆదుకుంటుంది. యూట్యూబ్‌లో అల్ట్రా లో లేటెన్సీ ఎంచుకుంటే చాలామందికి ఆలస్యం ఐదు సెకన్ల లోపుకు వస్తుంది, కానీ ఆ నిల్వ కూడా కరిగిపోతుంది. ప్రేక్షకులతో మాట్లాడుతూ నడిపే కార్యక్రమానికి అది అవసరం. పెళ్లికి నార్మలే మంచిది. గమనించాల్సింది ఆలస్యం పెరుగుతోందా అన్నది. మొదట్లో ఒకసారి, అరగంటకోసారి కెమెరా ముందు చప్పట్లు కొట్టి, దూరాన ఉన్నవారికి ఎప్పుడు వినిపించిందో ఫోన్లో అడగండి. మొదట 20 సెకన్లుండి తర్వాత 40 అయితే వరుస పేరుకుంటోందన్నమాట. అక్కడొక్కరికే ఆగుతోందంటే లోపం వారి ఇంట్లోనిది. వేర్వేరు ఊళ్లలో ఇద్దరికి ఒకే క్షణంలో ఆగితే లోపం మన దగ్గరే.

మూడు నెలల తర్వాత అదే ఊళ్లో మా అన్నయ్య కొడుకు పెళ్లి. ఈసారి స్పీడ్ టెస్ట్ ఖాళీ పందిట్లో చేయలేదు. ముందురోజు రాత్రి ఊళ్లో జనం మెలకువగా ఉన్నప్పుడు, పావుగంటకోసారి, ఐదుసార్లు చేశాను. అన్నింటిలో తక్కువది 3.8 మెగాబిట్లు. దానిలో సగం తీసుకున్నాను. సగమే ఎందుకంటే, స్పీడ్ టెస్ట్ కొన్ని సెకన్ల పరుగు, మనకు కావలసింది నాలుగు గంటల నడక. 720 క్వాలిటీ, 30 బొమ్మలు, బిట్‌రేటు 1,800 కిలోబిట్లు, ధ్వనికి 128. యూట్యూబ్ సొంత ఆప్‌లో ఈ అంకెలు మనం పెట్టే వీలు లేదు కాబట్టి లారిక్స్ బ్రాడ్‌కాస్టర్ వాడాను. అందులో అడాప్టివ్ బిట్‌రేట్ ఆన్ చేస్తే, దారి ఇరుకైనప్పుడు బొమ్మలను పారేయకుండా బిట్‌రేటునే తగ్గించుకుంటుంది.

సిమ్ ఉన్న ఇంకో ఫోన్‌ను మేడ మీద కిటికీలో పెట్టి హాట్‌స్పాట్ ఇచ్చాను. కెమెరా ఫోన్ దాన్ని పట్టుకుని ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో ఉంది. కాల్స్ అడ్డురావు, వేడీ తగ్గుతుంది. ఈ లెక్కన గంటకు దాదాపు 870 మెగాబైట్లు, నాలుగు గంటలకు మూడున్నర జీబీ ఖర్చవుతుంది. రోజుకు రెండు జీబీల ప్లాన్లలో ఆ పరిమితి దాటాక వేగం సాధారణంగా 64 కిలోబిట్లకు పడిపోతుంది, అది ధ్వనికి కూడా చాలదు. అందుకే ముందే అదనపు డేటా వేయించాను.

కెమెరాను స్టాండు మీద కదలకుండా పెట్టాను. ఇది అందం కోసం కాదు. వెనక పందిరి కదలకపోతే ఎన్‌కోడర్ దాన్ని మళ్లీ మళ్లీ పంపనక్కర్లేదు, ఆ బిట్లు మొహాలకు మిగులుతాయి. ఈ లెక్కకు పెళ్లిలో అసలైన పరీక్ష తలంబ్రాలు. పసుపు బియ్యంలో ప్రతి గింజా కదులుతుంది, ప్రతి బొమ్మా కొత్తదే. 1,800 కిలోబిట్లలో అది ఇమడదు. అందుకే ఆ నిమిషం బొమ్మ గళ్లు గళ్లుగా చెదిరింది. అదే సమయానికి టవర్ మీద రద్దీ పెరిగి బిట్‌రేటు 1,200కు దిగింది. నేను ఏ సెట్టింగూ ముట్టుకోలేదు. మధ్యలో ఆపి మళ్లీ మొదలుపెడితే చూసేవాళ్లందరూ తెగిపోతారు.

"పిల్ల మొహం కొంచెం మసగ్గా ఉందిరా" అని అక్క రాసింది. రెండు నిమిషాలకు అంకె మళ్లీ 1,800కు ఎక్కింది. సన్నాయి మాత్రం ఒక్కసారీ తెగలేదు.