ఎక్సెల్ షీట్‌లో ఉన్న గంటలు ఆఫీసులో ఎందుకు దొరకవు?

హైదరాబాద్ ఐటీ ఆఫీసుల్లో రిలీజ్ దగ్గర పడుతోందంటే చాలు, క్యాంటీన్‌లో రాత్రి భోజనాలు మొదలవుతాయి. ‘ఈ నెల కాస్త స్ట్రెచ్ చేయండి’ అనే మాట వినపడుతుంది. పని అనుకోకుండా పెరిగిందనో, క్లయింట్ ఆఖరి నిమిషంలో మార్పులు అడిగాడనో కారణాలు చెప్పుకుంటారు. అవీ నిజమే కావచ్చు. కానీ చాలా ప్రాజెక్టుల్లో ఆ రాత్రుళ్లకు బీజం మొదటి రోజు ఎస్టిమేట్ వేసినప్పుడే పడుతుంది. ఎలాగో ఒక ఊహా ప్రాజెక్టు మీద లెక్క వేసి చూద్దాం.

ఆరుగురి టీమ్. చేతిలో ఆరు వారాలు. అన్ని భాగాలకూ టీమ్ సభ్యులు వేసిన అంచనాలు కలిపితే 1,200 గంటల పని. మేనేజర్ షీట్ తెరిచి ఆరుగురు, రోజుకు 8 గంటలు, 30 పని దినాలు అని కొడతారు. 1,440 గంటలు వస్తాయి. పని పోను ఇంకా 240 గంటలు మిగులు! నిశ్చింతగా తేదీకి మాట ఇచ్చేస్తారు.

ఆ లెక్కలో గుణకారం తప్పు కాదు, 8 అన్న అంకె తప్పు. ఎనిమిది గంటలు ఆఫీసులో ఉన్న మనిషి ఉదయం స్టాండప్‌లో ఉంటాడు, పాత కస్టమర్ ఫిర్యాదు చూస్తాడు, కొత్తగా చేరినవాళ్లకు దారి చెబుతాడు, తోటివాళ్ల కోడ్ చూసి పెడతాడు, మెయిళ్లకు జవాబిస్తాడు. ఇదంతా అవసరమైన పనే. కానీ ఆ 1,200 గంటల్లో ఇది లేదు. మరి ప్రాజెక్టు పనికి రోజుకు ఎన్ని గంటలు మిగులుతాయి? ఈ ప్రశ్న మనుషుల్ని అడిగి లాభం లేదు; ఎవరైనా ‘ఏడు’ అనే అంటారు. గత నాలుగు వారాల్లో పూర్తిగా ముగిసిన పనులు మాత్రమే తీసుకుని, వాటికి మొదట వేసిన అంచనాలన్నీ కూడాలి. ఆ మొత్తాన్ని ఆ నాలుగు వారాల్లో అందరూ కలిసి పనిచేసిన రోజులతో భాగించాలి. మన టీమ్‌కు అది 600 గంటలు, 120 రోజులు అనుకుందాం. అంటే మనిషికి రోజుకు 5 గంటలు. ఇలా చేస్తే మరో మేలుంది. టీమ్ ఎప్పుడూ అంచనాలు తక్కువ వేసే రకమైతే, ఆ అలవాటు కూడా ఈ అంకెలోనే సర్దుకుపోతుంది.

ఇప్పుడు మళ్లీ వేద్దాం. మధ్యలో దసరాకు రెండు రోజులు పోతాయి కాబట్టి 28 రోజులు. ఆరుగురు, రోజుకు 5 గంటల చొప్పున 840 గంటలు. కావలసింది 1,200. ఇందాక 240 మిగులు కనిపించిన చోట ఇప్పుడు 360 గంటల లోటు.

ఈ లోటు మూడో వారంలో బయటపడినప్పుడు తట్టే ఉపాయం ఓవర్‌టైమ్. మొదటి వారం నుంచే ప్రతి ఒక్కరూ రోజుకు రెండు గంటలు ఎక్కువ కూర్చున్నా, ఆరుగురికి 28 రోజుల్లో 336 గంటలు. ఒక శనివారం కూడా కలిపితే చాలు, లోటు తీరిపోయినట్టే కనిపిస్తుంది.

అలా తీరదని వందేళ్ల కిందటి రికార్డులు చెబుతున్నాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ ఆయుధ కర్మాగారాల్లో కార్మికులు, ముఖ్యంగా మహిళలు, వారానికి ఎన్ని గంటలు పనిచేశారో, ఎంత ఉత్పత్తి చేశారో అప్పట్లో ప్రభుత్వం నియమించిన కమిటీ పరిశోధకులు నమోదు చేశారు. ఆర్థికవేత్త జాన్ పెంకావెల్ ఆ లెక్కలను 2014లో మళ్లీ విశ్లేషించారు. వారానికి దాదాపు 49 గంటల వరకు, గంటలు పెరిగినంతగా ఉత్పత్తీ పెరిగింది. ఆ పైన పెరుగుదల తగ్గుతూ వచ్చింది. 70 గంటలు పనిచేసిన వారంలో వచ్చిన సరుకు, 56 గంటల వారంలో వచ్చినదానికంటే పెద్దగా ఎక్కువ లేదు. ఆదివారం సెలవు లేకపోవడం కూడా ఉత్పత్తిని దెబ్బతీసింది. తర్వాత 1980లో అమెరికాలో నిర్మాణ పనులపై బిజినెస్ రౌండ్‌టేబుల్ సంస్థ ఇచ్చిన నివేదిక ఇంకా గట్టిగా చెప్పింది: వారానికి 60 గంటలకు పైగా పనిని సుమారు రెండు నెలలు దాటి లాగితే, అదే మనుషులు 40 గంటలు చేసి ముగించే తేదీ కంటే ఆలస్యమవుతుంది.

గుండ్లు తయారుచేయడం వేరు, కోడ్ రాయడం వేరు కాబట్టి ఆ అంకెల్ని అలాగే ఎత్తి మన షీట్‌లో పెట్టకూడదు. అయితే కోడ్ విషయంలో అలసట ఇంకా మోసం చేస్తుంది. యంత్రం దగ్గర చేయి తడబడితే సరుకు అక్కడే పాడవుతుంది. రాత్రి పదింటికి తప్పుగా రాసిన షరతు రెండు వారాల తర్వాత టెస్టింగ్‌లో దొరుకుతుంది, దాన్ని వెతకడానికి మరొకరి పగలు పోతుంది. పైగా మన దగ్గర అమెరికా కాల్స్ ఎలాగూ సాయంత్రాలు తీసుకుంటాయి. అదనంగా కూర్చున్న రెండు గంటల్లో ఒకటి వాటికే పోవచ్చు.

అందుకని ఓవర్‌టైమ్‌ను వారాల వారీగా, తరుగు తీసి రాయాలి. మన టీమ్‌కు మొదటి వారం మామూలుగా ఉంచుదాం. రెండో వారం రోజుకు రెండు గంటలు ఎక్కువ ఉంటే, అందులో పనికొచ్చేది గంటన్నర అనుకుంటే 45 గంటలు వస్తాయి. మూడో వారం అదే రెండు గంటల్లో ఒక గంటే పనికొస్తుంది, అంటే 30. నాలుగో వారం అందరూ వేళకు ఇంటికి వెళ్లాలి. అలసట వల్ల మామూలు పనిలోనే 15 గంటలు తగ్గుతాయి. అయిదో వారం మళ్లీ 45. చివరి వారం టెస్టింగ్, అప్పుడు తెల్లారే దాకా మేల్కొని దిద్దితే కొత్త తప్పులు పుడతాయి కాబట్టి ఓవర్‌టైమ్ వద్దు. నికరంగా వచ్చింది 105 గంటలు. ఈ తరుగు అంకెలు నేను వేసుకున్నవి, ప్రతి టీమూ తన పాత రిలీజ్‌ల నుంచి తీసుకోవాలి. కానీ 336 ఆశించిన చోట మూడో వంతు కూడా రాకపోవడం చూస్తే, ఓవర్‌టైమ్ ఎంత చిన్న సాయమో తెలుస్తుంది.

ఇంకా 255 గంటలు మిగిలాయి. రోజుకు టీమ్ చేయగలిగేది 30 గంటలు కాబట్టి అది తొమ్మిది రోజుల పని. అంటే దాదాపు రెండు వారాలు తేదీ జరపాలి, లేదా 255 గంటల విలువైన ఫీచర్లు రెండో విడతకు వదలాలి. కొత్తవాళ్లను తెచ్చి పెడదామంటే, ఆలస్యమైన ప్రాజెక్టుకు మనుషుల్ని చేరిస్తే అది ఇంకా ఆలస్యమవుతుందని ఫ్రెడ్ బ్రూక్స్ 1975లోనే రాశారు. వచ్చినవాళ్లకు పని నేర్పేది ఉన్నవాళ్లే మరి. ఈ మాట క్లయింట్‌తో మొదటి వారంలో చెబితే ఏ రిపోర్టులు ఆగవచ్చో, ఏవి ఆగకూడదో అతనే ఎంచుకుంటాడు. అయిదో వారంలో చెబితే ఎంచుకోవడానికి ఏమీ మిగలదు, అన్నీ సగంలో ఉంటాయి.

ప్రణాళిక దారి తప్పుతోందని తెలుసుకోవడానికి రెండు గీతలు చాలు: వారం వారం నమోదైన గంటలు ఒకటి, నిజంగా ముగిసిన పని మరొకటి. మొదటిది పైకి పోతూ రెండోది కదలకపోతే ఓవర్‌టైమ్ ఆ రోజే ఆపాలి. మూసిన బగ్‌లు మళ్లీ తెరుచుకోవడం, కోడ్ రివ్యూల్లో ఒక్క ప్రశ్నా లేకుండా ఆమోదాలు పడిపోవడం ఇంకా ముందే కనిపిస్తాయి.

మనుషుల సంగతి గీతల్లో దొరకదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో బర్నౌట్‌ను జబ్బుగా కాకుండా, సరిగా అదుపు చేయని దీర్ఘకాలిక పని ఒత్తిడి వల్ల వచ్చే స్థితిగా వివరించింది. శక్తి ఉడిగిపోవడం, ఉద్యోగం మీద దూరం లేదా విరక్తి పెరగడం, పనితనం తగ్గడం దాని లక్షణాలు. ఎప్పుడూ వాదించే సీనియర్ ‘మీ ఇష్టం, ఎలా అంటే అలా చేద్దాం’ అనడం మొదలుపెట్టిందంటే, ఆమె ఒప్పుకుందని మేనేజర్ సంతోషించకూడదు. ఆ మాట వెనక విరక్తి ఉండవచ్చు. అంత దూరం వచ్చాక ఒక వీకెండ్ సెలవుతో తేరుకోవడం కష్టం. ఆమె రాజీనామా చేస్తే నోటీసు కాలం, కొత్త మనిషి వెతుకులాట, నేర్పే సమయం, అన్నీ తర్వాతి ప్రాజెక్టు షీట్ మీద పడతాయి.

అందుకే ఎస్టిమేట్ రిలీజ్ తేదీ దగ్గర ఆగకూడదు. ఆ తర్వాతి రెండు వారాలూ అదే షీట్‌లో ఉండాలి: కాంప్ ఆఫ్‌లు, రిలీజ్ తర్వాత వచ్చే ఫిర్యాదులు, ఆ హడావిడిలో వాయిదా వేసిన కోడ్ మరమ్మతులు. మన ఆరుగురి టీమ్‌కు ఆ పది రోజుల్లో రోజుకు 5 గంటలు కాక 3 గంటలే రాయాలి. 300కు బదులు 180 గంటలు. తర్వాతి ప్రాజెక్టుకు తేదీ ఇచ్చేవాళ్లు ముందుగా చూడవలసింది ఆ 180నే.