గొప్పలు తగ్గించి ఆధారం చూపాలి

అమెరికాలో ఎంఎస్‌కి అప్లై చేసే మన పిల్లలకి జీఆర్‌ఈ కన్నా, ఐఈఎల్‌టీఎస్ కన్నా తలనొప్పి తెచ్చేది ఎస్‌ఓపీ. తానేం చదివాడో, ఏం చేశాడో, ఆ కోర్సు ఎందుకు కావాలో విద్యార్థి ఒకటి రెండు పేజీల్లో స్వయంగా చెప్పుకోవాల్సిన పత్రం అది. తన గురించి తాను చెప్పుకోవడమంటే పొగుడుకోవడమే అనుకుని చాలామంది మొదలుపెడతారు. రాసింది అక్కడ చదువుతున్న సీనియర్‌కి పంపితే, ‘తమ్ముడూ, చదువుతుంటే పొగరుగా ఉంది, మార్చు’ అని జవాబు వస్తుంది. ఏం మార్చాలో మాత్రం ఆ జవాబులో ఉండదు.

ఒక నమూనా పేరా తీసుకుని ఆ మార్పు ఎలా చేయాలో చూద్దాం. ఎస్‌ఓపీ రాసేది ఇంగ్లిష్‌లోనే అయినా, మన డ్రాఫ్టుల్లో కనిపించే ధోరణి తెలుగులో చెబితే ఇలా ఉంటుంది:

‘మా కాలేజీలో నేనే అత్యుత్తమ ప్రోగ్రామర్‌ని. టమాటా ఆకుల తెగుళ్లను 98 శాతం కచ్చితంగా గుర్తించే విప్లవాత్మకమైన యాప్ తయారుచేశాను. టీమ్‌ని ముందుండి నడిపించాను. మెషీన్ లెర్నింగ్ నాకు కొట్టిన పిండి.’

పొగరుగా ఉందనగానే ఎవరైనా చేసే మొదటి పని వినయం చల్లడం. ‘నేనే అత్యుత్తమ’ అన్నది ‘నాకు తెలిసినంతలో, బహుశా మంచి ప్రోగ్రామర్లలో ఒకణ్ని’ అవుతుంది. దీనివల్ల గొప్ప పోలేదు, పైగా దానికి అనుమానం తోడైంది. మొదటి వాక్యం చదివిన ప్రొఫెసర్ ‘ఎవరన్నారు?’ అనుకుంటే, రెండోది చదివినా అదే అనుకుంటాడు. ఆయనకి చిరాకు తెప్పించేది గొంతు కాదు. అభ్యర్థి ఎంత గొప్పవాడో తేల్చాల్సింది చదివే మనిషి. ఆ తీర్పు అభ్యర్థే ఇచ్చేసుకుని, దానికి కారణం చూపించకపోవడమే అసలు ఇబ్బంది.

అందుకే దిద్దుబాటు పెన్సిల్‌తో మొదలవ్వాలి. తీర్పు చెప్పే ప్రతి మాట కింద గీత గీయాలి. పై పేరాలో ‘అత్యుత్తమ’, ‘విప్లవాత్మకమైన’, ‘కచ్చితంగా’, ‘ముందుండి నడిపించాను’, ‘కొట్టిన పిండి’ అనే ఐదూ దొరుకుతాయి. ఒక్కోదాని ముందూ ఆగి, ఈ మాట అనడానికి నన్ను పురిగొల్పిన సంగతేమిటి అని అడగాలి. సంగతి ఉంటే మాట తీసేసి దాన్ని రాయాలి. సంగతి చిన్నదైతే వాక్యాన్నీ దాని మేరకే ఉంచాలి. ఏమీ లేకపోతే వాక్యమే కొట్టేయాలి.

‘అత్యుత్తమ ప్రోగ్రామర్’తో మొదలుపెడదాం. మార్కులు ట్రాన్‌స్క్రిప్ట్‌లో ఎలాగూ ఉంటాయి, మళ్లీ ఏకరువు పెట్టడం అనవసరం. గట్టిగా ఆలోచిస్తే మూడో ఏడాదిలో రాసిన చిన్న ప్రోగ్రాం ఒకటి గుర్తొచ్చిందనుకుందాం. అప్పుడు వాక్యం ఇలా మారుతుంది: ‘మా డిపార్ట్‌మెంట్‌లో ఒకే ల్యాబ్‌కి ఒకే సమయంలో రెండు సెక్షన్లు పడకుండా చూసే ప్రోగ్రాం రాశాను. రెండు సెమిస్టర్లుగా టైమ్‌టేబుల్ దానితోనే వేస్తున్నారు.’ ఇందులో పొగడ్త ఒక్కటీ లేదు. కానీ రాసిన ప్రోగ్రాం ఇతరులకి పనికొచ్చిందని, నిలబడిందని చదివేవాడికి తెలుస్తుంది.

అసలు చిక్కు 98 శాతం దగ్గర ఉంది. అంకె ఉంది కదా, ఇదే ఆధారం అనిపిస్తుంది. దేని మీద కొలిచారో చెప్పని అంకె కూడా గొప్పే. పరీక్షకి పెట్టిన వంద ఫోటోల్లో తొంభై ఆరోగ్యంగా ఉన్న ఆకులవే అయితే, కళ్లు మూసుకుని ప్రతిదానికీ ‘తెగులు లేదు’ అనే యాప్‌కీ 90 శాతం వస్తుంది. ఇది ఆ రంగంలో ఉన్న ఏ ప్రొఫెసర్‌కైనా తెలుసు. మరో సంగతీ తెలుసు. ఇలాంటి ప్రాజెక్టులకి చాలామంది వాడేది ప్లాంట్‌విలేజ్ అనే ఉచిత ఫోటోల సంచయం. అందులో 14 పంటలవి 54 వేలకు పైగా ఆకుల ఫోటోలున్నాయి. ఆకుని కోసి, సాదా నేపథ్యం మీద పెట్టి తీసినవి. 2016లో మొహంతీ, హ్యూస్, సలాతే అనే పరిశోధకులు ఆ ఫోటోలతో శిక్షణ ఇచ్చిన మోడల్‌కి అదే సంచయంలో పక్కన పెట్టిన ఫోటోల మీద 99.35 శాతం వచ్చింది. వేరే పరిస్థితుల్లో తీసిన ఫోటోలు పెడితే అది 31 శాతం చిల్లరకి పడిపోయింది. ఆ సంగతి వాళ్లే తమ పేపర్‌లో రాసుకున్నారు.

ఇది తెలిసిన మనిషి ముందు 98 శాతాన్ని విప్లవం అంటే, రాసినవాడికి ఆ రంగం గురించి పెద్దగా తెలియదని తేలిపోతుంది. కాబట్టి మన విద్యార్థి ఫోన్ పట్టుకుని మదనపల్లె దగ్గరి టమాటా తోటలకి వెళ్లాడనుకుందాం. 200 ఫోటోలు తీశాడు. ఏ ఆకుకి ఏ తెగులో ఉద్యానశాఖ అధికారిని అడిగి రాసుకున్నాడు. అది తానే ఊహించి రాసుకుంటే కొలత చెల్లదు. యాప్ 124 ఫోటోలకి సరిగ్గా చెప్పింది. కొత్త వాక్యాలివి: ‘ప్లాంట్‌విలేజ్ ఫోటోల మీద మా యాప్ 98 శాతం సరిగ్గా గుర్తించింది. తోటలో నేను తీసిన 200 ఫోటోల మీద అది 62 శాతానికి తగ్గింది. తప్పుల్లో ఎక్కువ భాగం ఎర్లీ బ్లైట్‌ని సెప్టోరియా మచ్చ అనుకోవడం, ఆకు మీద పడ్డ నీడని మచ్చ అనుకోవడం.’

అంకె తగ్గింది కానీ పేరా బలపడింది. ఈ కుర్రాడు తన పనిని తానే పరీక్షించుకున్నాడని, ఎక్కడ తప్పుతోందో వెతికాడని ప్రొఫెసర్‌కి అర్థమవుతుంది. పైగా ఎంఎస్ ఎందుకు చేయాలనుకుంటున్నాడో వేరే చెప్పక్కర్లేకుండా ఇక్కడే తేలింది. ఒకచోట నేర్చుకున్న మోడల్ మరోచోట ఎందుకు తడబడుతుందో చదవాలనుకుంటున్నానన్న తర్వాతి వాక్యం సహజంగా వచ్చి కూర్చుంటుంది.

‘టీమ్‌ని ముందుండి నడిపించాను’ దగ్గర జనం రెండు వైపులా జారతారు. కొందరు అంతా తామే చేసినట్టు రాస్తారు. పొగరన్నారని భయపడినవాళ్లు ప్రతి ‘నేను’నీ ‘మేము’ చేసేస్తారు. అలా చేస్తే ఇతనేం చేశాడో తెలియక ప్రొఫెసర్ తల గోక్కుంటాడు. ‘నలుగురం చేసిన ప్రాజెక్ట్. ఫోటోల సేకరణ, మోడల్ శిక్షణ నా వంతు. యాప్ స్క్రీన్లు, సర్వర్ పని మిగతా ముగ్గురిది’ అంటే సరిపోతుంది. గైడ్ రాసే సిఫారసు లేఖలోనూ ఇదే కనిపించాలి. రెండూ పొసగకపోతే దెబ్బ తినేది విద్యార్థే.

‘విప్లవాత్మకమైన’, ‘కొట్టిన పిండి’ మాటలకి వెనక ఏ సంగతీ దొరకదు. వాటిని కొట్టేయడమే.

ఈ పద్ధతికీ ఒక హద్దుంది. ఆధారం అనగానే ప్రతి వాక్యంలో అంకె కూరితే ఎస్‌ఓపీ ఆడిట్ రిపోర్టులా తయారవుతుంది. చదివేవాడి నిర్ణయాన్ని మార్చగల అంకె ఉంటే చాలు. ‘కోడింగ్ సామర్థ్యం 40 శాతం పెంచుకున్నాను’ లాంటి కొలవలేని అంకెలు గొప్పల కన్నా హాని చేస్తాయి. ఇంటర్వ్యూలో ‘ఎలా కొలిచారు?’ అని అడిగితే నోరు పెగలదు. దిద్దిన డ్రాఫ్టుని ఆ సబ్జెక్టు తెలిసిన ఒకరికిచ్చి, ‘ఎలా తెలుసు?’ అని అడగాలనిపించిన ప్రతిచోటా టిక్కు పెట్టమనాలి. మిగిలిన టిక్కులే తర్వాతి దిద్దుబాటుకి జాబితా.

మరి ‘అత్యుత్తమ’ అన్న మాటకి అప్లికేషన్‌లో చోటే లేదా అంటే, ఉంది. తాము చదువు చెప్పిన విద్యార్థుల్లో ఇతను మొదటి 5 శాతంలో ఉంటాడా, 10 శాతంలో ఉంటాడా అని చాలా యూనివర్సిటీలు సిఫారసు చేసే ప్రొఫెసర్‌నే అడుగుతాయి. ఏళ్ల తరబడి వందల మందిని చూసిన మనిషి ఆ గడిలో టిక్కు పెడితే అది గొప్ప కాదు, పోల్చి చెప్పిన సాక్ష్యం. అందుకే ఎస్‌ఓపీలోంచి కొట్టేసిన పొగడ్తల వెనక నిజంగా జరిగిన సంగతులేవైనా ఉంటే, వాటిని ఒక కాగితం మీద రాసి లేఖ రాసే మాస్టారికి ఇవ్వాలి. పొగడ్త మాట వాడాలో వద్దో ఆయన చూసుకుంటారు.