వార్తల్లో పదం: డాట్ ఆర్గ్

నెల్లూరు జిల్లా మైపాడు తీరంలో మత్స్యకారుల పిల్లలను చదివించే సంఘం ఒకటి వెబ్‌సైట్ పెట్టుకుంటోందనుకుందాం. చిరునామా చివర డాట్ కామ్ ఉండాలా, డాట్ ఇన్ ఉండాలా, డాట్ ఆర్గ్ ఉండాలా?

డాట్ కామ్, డాట్ ఆర్గ్ రెండూ 1985లో వచ్చినవే. మొదటిది వ్యాపారానికి, రెండోది సేవకు గుర్తుగా స్థిరపడ్డాయి. హైదరాబాద్ ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య సంస్థది lvpei.org, అమెరికాలోని తానాది tana.org.

ఆ గుర్తింపు కోసం పెద్ద పోరాటమే జరిగింది. డాట్ ఆర్గ్‌ను నడిపే పబ్లిక్ ఇంటరెస్ట్ రిజిస్ట్రీని ఎథోస్ క్యాపిటల్ అనే పెట్టుబడి సంస్థకు అమ్మాలని 2019లో నిర్ణయించారు. ధరలు పెరుగుతాయని ప్రపంచవ్యాప్తంగా సేవాసంస్థలు ఎదురుతిరిగాయి. చివరికి ఇంటర్నెట్ పేర్ల వ్యవస్థను సమన్వయం చేసే ఐకాన్ 2020 ఏప్రిల్ 30న ఆ అమ్మకాన్ని తిరస్కరించింది.

అయితే డాట్ ఆర్గ్ నిజాయితీకి ధ్రువపత్రం కాదు. సొసైటీ రిజిస్ట్రేషన్ పత్రం చూపకుండానే ఎవరైనా కొనవచ్చు. నిక్సీ పర్యవేక్షించే డాట్ ఇన్ కూడా భారతదేశాన్ని సూచిస్తుందే తప్ప సేవను కాదు.

మైపాడు సంఘానికి డాట్ ఆర్గ్ ప్రధాన చిరునామాగా సరిపోతుంది. అదే పేరుతో డాట్ ఇన్ కూడా కొని దానికి మళ్లిస్తే, నకిలీ విరాళాల సైట్లకు ఒక దారి మూసుకుపోతుంది. రెండింటినీ వాలంటీరు సొంత ఈమెయిల్‌తో కాక సంఘం పేరుతోనే నమోదు చేయించాలి. లేకపోతే ఆయన వెళ్లిపోయాక రెన్యువల్ హెచ్చరికలు సంఘానికి అందవు, గడువు దాటితే చిరునామా చేజారుతుంది.