అమ్మబోతే తెలిసే తేడా: లార్జ్, మిడ్, స్మాల్ క్యాప్‌లపై అపోహలు – వాస్తవాలు

లార్జ్ క్యాప్, మిడ్ క్యాప్, స్మాల్ క్యాప్ అనే మాటలు ఇప్పుడు డీమ్యాట్ ఖాతా ఉన్న ప్రతి ఇంట్లోనూ వినబడుతున్నాయి. వీటి గురించి చెప్పేటప్పుడు ఎంత లాభం రావచ్చన్నదే ఎక్కువగా చెబుతారు. కొన్న షేరును మళ్లీ అమ్మడం ఎంత తేలికో, ఎంత కష్టమో చెప్పేవాళ్లు తక్కువ. చిన్న మదుపరులు ఎక్కువగా దెబ్బతినేది అక్కడే.

అపోహ: షేరు ధర ఎక్కువుంటే పెద్ద కంపెనీ, తక్కువుంటే చిన్న కంపెనీ.

షేరు ధరను మొత్తం షేర్ల సంఖ్యతో గుణిస్తే వచ్చేదే మార్కెట్ విలువ. ధర ఒక్కటే చూస్తే ఏమీ తెలియదు. 2024 అక్టోబరు 29న ఎల్సిడ్ ఇన్వెస్ట్‌మెంట్స్ షేరు 2,36,250 రూపాయలకు చేరి వార్తలకెక్కింది. అంతకుముందు దాని ధర 3 రూపాయల 53 పైసలు. ప్రత్యేక వేలంతో ఒక్క రోజులో ఆ ధర వచ్చింది. అయితే ఆ కంపెనీకి ఉన్నవి 2 లక్షల షేర్లే. గుణిస్తే సుమారు 4,700 కోట్లు, అంటే స్మాల్ క్యాప్. పది రూపాయల చుట్టూ తిరిగిన వొడాఫోన్ ఐడియా విలువ దానికి ఎన్నో రెట్లు, ఎందుకంటే దాని షేర్లు వేల కోట్లలో ఉన్నాయి.

అపోహ: స్మాల్ క్యాప్ అంటే పసికూన లాంటి కంపెనీ.

మన దేశంలో ఈ విభజన ర్యాంకును బట్టి జరుగుతుంది. 2017 అక్టోబరులో సెబీ ఈ నిబంధన పెట్టింది. మార్కెట్ విలువలో మొదటి 100 కంపెనీలు లార్జ్, 101 నుంచి 250 దాకా మిడ్, 251 నుంచి మిగిలినవన్నీ స్మాల్. జూన్, డిసెంబరు నెలలతో ముగిసే ఆరు నెలల సగటు విలువను లెక్కగట్టి, మ్యూచువల్ ఫండ్ల సంఘం యాంఫీ ఏడాదికి రెండుసార్లు జాబితా ఇస్తుంది. కంపెనీ వ్యాపారంలో ఏ మార్పూ లేకున్నా, పక్క కంపెనీలు పెరిగితే దాని విభాగం మారిపోవచ్చు.

2025 జాబితాల్లో మిడ్, స్మాల్‌ల మధ్య గీత 30 వేల కోట్ల రూపాయల పైన ఉంది. అంటే 25 వేల కోట్ల కంపెనీ కూడా స్మాల్ క్యాపే, 50 కోట్ల కంపెనీ కూడా స్మాల్ క్యాపే. పైన గీత ఉంది కానీ కింద లేదు. అందుకే ‘స్మాల్ క్యాప్ రిస్కు’ అని అన్నింటినీ ఒకే గాటన కట్టడం సరికాదు. ఆ వరుసలో మొదట ఉన్నవాటిని అమ్మడం పెద్ద కష్టం కాదు. చివర ఉన్నవాటిలో కొన్ని రోజులు ఒక్క లావాదేవీ కూడా జరగదు.

అపోహ: తెరమీద కనబడే ధరకే నా షేర్లు అమ్ముడుపోతాయి.

ఇదే అన్నిటికన్నా ఖరీదైన అపోహ. తెరమీద కనబడేది చివరి లావాదేవీ జరిగిన ధర. అది పది షేర్ల లావాదేవీ అయినా కావచ్చు. మీకు దక్కే ధర తెలియాలంటే బ్రోకర్ యాప్‌లో ‘మార్కెట్ డెప్త్’ తెరవాలి. కొనేవాళ్లవి అయిదు ధరలు, అమ్మేవాళ్లవి అయిదు ధరలు, ఒక్కోదాని దగ్గర ఎన్ని షేర్లున్నాయో అందులో కనబడతాయి.

ఉదాహరణకు ఒక చిన్న కంపెనీ షేరు చివరి ధర 202 అనుకుందాం. మీ దగ్గర 1,000 షేర్లున్నాయి, అంటే 2 లక్షల పైమాటే అని మీ లెక్క. డెప్త్ తెరిస్తే అమ్మేవాళ్ల కనిష్ఠ ధర 202. కొనేవాళ్లు మాత్రం 198 దగ్గర 200 షేర్లకు, 196 దగ్గర 300 షేర్లకు, ఆ తర్వాత ఏకంగా 191 దగ్గర 500 షేర్లకు ఉన్నారు. మీరు ‘మార్కెట్ ఆర్డర్’ పెట్టి అమ్మేస్తే వరుసగా 39,600, 58,800, 95,500 వస్తాయి. మొత్తం 1,93,900, అంటే షేరుకు సగటున 193 రూపాయల 90 పైసలు. 198కీ 202కీ నడిమి ధర 200తో పోలిస్తే 6,100 రూపాయలు, అంటే 3 శాతం పోయింది. బ్రోకరేజీ, పన్నులు దీనికి అదనం. దీన్నే మార్కెట్ భాషలో ఇంపాక్ట్ కాస్ట్ అంటారు. కొనేటప్పుడు కూడా ఇలాగే పోతుంది కాబట్టి దెబ్బ రెండుసార్లు తగులుతుంది.

పెద్ద కంపెనీలో కొనే ధరకూ అమ్మే ధరకూ మధ్య తేడా మామూలు రోజుల్లో చాలావరకు పైసల్లోనే ఉంటుంది, ఒక్కో ధర దగ్గర వందలు, వేల షేర్లు నిలబడి ఉంటాయి. నిఫ్టీ 50లో చేరాలంటే 10 కోట్ల రూపాయల బాస్కెట్‌కు కూడా ఇంపాక్ట్ కాస్ట్ అర శాతం మించకూడదని, ఆరు నెలల పరిశీలనల్లో 90 శాతం అలాగే ఉండాలని నియమం.

అయితే మార్కెట్ విలువ ఒక్కటే ఈ సౌలభ్యాన్ని నిర్ణయించదు. సెబీ ర్యాంకుకు కంపెనీ మొత్తం విలువను తీసుకుంటారు, ప్రమోటర్లు అట్టిపెట్టుకున్న వాటాతో సహా. బజారులో తిరిగేది మిగిలిన వాటానే. ఎల్ఐసీలో 2022 ఇష్యూ తర్వాత ప్రభుత్వానికి 96.5 శాతం ఉండగా జనం చేతికి వచ్చింది 3.5 శాతమే. ఎల్ఐసీ చాలా పెద్దది కనుక ఆ 3.5 శాతం కూడా వేల కోట్లు. అదే 400 కోట్ల కంపెనీలో ప్రమోటర్లకు 75 శాతం ఉంటే బయట ఉన్నది 100 కోట్ల సరుకే. అందులోనూ చాలామంది అమ్మకుండా దాచుకుంటారు.

అపోహ: లార్జ్ క్యాప్‌లో డబ్బు పోదు.

పోతుంది. తెలుగువారికి ఈ సంగతి వేరే చెప్పనక్కర్లేదు. సెన్సెక్స్‌లో ఉన్న హైదరాబాద్ కంపెనీ సత్యం, లెక్కల మోసం బయటపడిన 2009 జనవరి 7న ఒక్క రోజులో దాదాపు 78 శాతం పడిపోయింది. అయితే ఆ రోజు కూడా కోట్ల షేర్లు చేతులు మారాయి. నష్టానికైనా సరే, బయటపడదామనుకున్నవాళ్లు బయటపడగలిగారు.

చిన్న షేర్లలో ఆ దారి కూడా మూసుకుపోవచ్చు. వాటిలో చాలావాటికి రోజుకు 5, 10, 20 శాతం లాంటి ధర పరిమితి ఉంటుంది. చెడ్డ వార్త వస్తే షేరు తెరవగానే 5 శాతం పడి ‘లోయర్ సర్క్యూట్’లో ఇరుక్కుంటుంది. అమ్మేవాళ్ల వరుసలో లక్షల షేర్లు, కొనేవాళ్ల వైపు సున్నా. ఇలా పది రోజులు నడిస్తే 100 రూపాయల షేరు 60కి వస్తుంది. మీరు రోజూ పొద్దున్నే ఆర్డరు పెడుతూనే ఉన్నా ఒక్క షేరూ కదలదు. 95 దగ్గర స్టాప్‌లాస్ పెట్టాను కదా అనుకుంటే అదీ పనిచేయదు. స్టాప్‌లాస్ అమ్మకపు ఆర్డరును పంపగలదే తప్ప కొనేవాణ్ని తీసుకురాలేదు.

అపోహ: ఫండ్ ద్వారా కొంటే ఈ బెడద ఉండదు.

మామూలు రోజుల్లో నిజమే, డబ్బు రెండు మూడు పనిదినాల్లో వచ్చేస్తుంది. కానీ ఫండ్ కూడా అదే బజారులో అమ్మాలి, అదీ మీకన్నా వేల రెట్లు ఎక్కువ సరుకు. అందుకే 2023లో కొన్ని పెద్ద స్మాల్ క్యాప్ ఫండ్లు ఏకమొత్తం పెట్టుబడులు తీసుకోవడం ఆపేశాయి. 2024 మార్చి నుంచి మిడ్, స్మాల్ క్యాప్ ఫండ్లన్నీ తమ పెట్టుబడిలో పావు వంతు, సగం అమ్మడానికి ఎన్ని రోజులు పడుతుందో ప్రకటిస్తున్నాయి. అమ్మడం అతి కష్టమైన 20 శాతాన్ని పక్కనపెట్టి వేసిన లెక్క అది. అయినా తొలి ప్రకటనల్లోనే కొన్ని స్మాల్ క్యాప్ ఫండ్లకు సగం అమ్మడానికి నెలకు పైగా పడుతుందని తేలింది. యాంఫీ వెబ్‌సైట్‌లో మీ ఫండ్ పేరు ఎదుట ఆ అంకె ఎంతుందో చూడండి.

సొంతంగా షేర్లు కొనేవాళ్లు కొనే ముందే మార్కెట్ డెప్త్ తెరిచి, కొనేవాళ్ల వైపు ఎన్ని షేర్లున్నాయో చూసుకోండి. మీరు కొనబోయే సంఖ్య ఆ షేరులో సగటున ఒక రోజు జరిగే లావాదేవీల్లో నాలుగైదు శాతం దాటుతుంటే తగ్గించుకోండి. చిన్న కంపెనీల్లో మార్కెట్ ఆర్డర్ జోలికి పోకుండా, మీ ధర మీరు రాసి లిమిట్ ఆర్డరే పెట్టండి. ఏడాదిలోపు ఫీజుకో పెళ్లికో కావలసిన డబ్బును మాత్రం వీటిలో పెట్టవద్దు.