బాణం మీది అంకెను ఎలా చదవాలి?

గడ్డి మైదానంలో వాన పెరిగితే మొక్కల జాతులు పెరగాలి. కానీ అదే వాన వల్ల నేలలో మొక్కలకు అందే నత్రజని కూడా పెరిగితే, ఏపుగా ఎదిగే కొద్ది రకాలు మిగతావాటికి ఎండ తగలనివ్వవు. అప్పుడు జాతులు తగ్గుతాయి.

ఇలా ఒకే కారణం వేర్వేరు దారుల్లో చేసే పనిని విడదీసి కొలిచేదే స్ట్రక్చరల్ ఈక్వేషన్ మోడల్. దీనికి పునాది 1921లో అమెరికా జన్యుశాస్త్రవేత్త సూయల్ రైట్ రాసిన వ్యాసం. కారణం నుంచి ఫలితానికి బాణం గీస్తారు. దాని బలాన్ని చెప్పే అంకె పాత్ గుణకం.

లెక్క తెలియడానికి కొన్ని అంకెలు ఊహించుకుందాం. వాన నుంచి నత్రజనికి 0.5, నత్రజని నుంచి జాతులకు -0.4, వాన నుంచి నేరుగా జాతులకు 0.3. నేల మీదుగా వెళ్లే దారి ప్రభావం 0.5 × -0.4, అంటే -0.2. రెండు దారులూ కలిపితే మిగిలేది 0.1 మాత్రమే. మొత్తాన్నే చూసినవారు వానకు పెద్దగా పాత్ర లేదనుకుంటారు. అందుకే నేరు ప్రభావం, పరోక్ష ప్రభావం, మొత్తం మూడూ చెప్పాలి.

ఇక ఆ 0.3కు అర్థం ఏమిటి? వాన ఒక ప్రామాణిక విచలనం పెరిగితే జాతులు 0.3 ప్రామాణిక విచలనం పెరుగుతాయని. వాన విచలనం 200 మి.మీ., జాతులది 5 అయితే, 200 మి.మీ.కు ఒకటిన్నర జాతి పెరిగినట్టు. మరో ప్రాంతంలో వాన విచలనం 100 మి.మీ.యే అయితే, అసలు సంబంధం ఏమీ మారకపోయినా గుణకం 0.15కు పడిపోతుంది. కాబట్టి అసలు కొలమానాల్లోని అంకెనూ, ప్రామాణిక దోషాన్నీ పక్కనే ఇవ్వాలి.

ఎన్ని నమూనాలన్నదీ దాచకూడదు. జేమ్స్ గ్రేస్ బృందం 2016లో ‘నేచర్’ పత్రికలో ప్రచురించిన అధ్యయనంలో ఐదు ఖండాల 39 గడ్డి మైదానాల నుంచి 1,126 మళ్లు ఉన్నాయి. ఒక మైదానంలోని మళ్లన్నిటికీ వాతావరణం ఒకటే. వాతావరణ బాణాలకు సాక్ష్యం 39 చోట్ల నుంచే వస్తుంది, 1,126 నుంచి కాదు. ఆ బృందం మైదానాల స్థాయినీ మళ్ల స్థాయినీ వేరుగా చూసింది. ఈ తేడా పట్టించుకోని మోడల్‌లో వాతావరణ గుణకాలు ఉన్నదానికన్నా ఖచ్చితంగా కనిపిస్తాయి.

అన్నిటికన్నా ఎక్కువగా మోసపోయేది ‘మోడల్ డేటాకు సరిపోయింది’ అన్న మాట దగ్గరే. మన ఉదాహరణలో మూడు అంశాల మధ్య మూడు బాణాలూ గీశాం. అలాంటి మోడల్ ఏ డేటాకైనా సరిపోతుంది, పరీక్షించడానికేమీ మిగలదు. నత్రజని నుంచి జాతులకు వెళ్లే బాణాన్ని తిప్పి గీసినా అంతే చక్కగా సరిపోతుంది. బాణం దిశకు ఆధారం బయటి నుంచి రావాలి. ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్‌లో 1856 నుంచి సాగుతున్న పార్క్ గ్రాస్ ప్రయోగంలో నత్రజని ఎరువు వేసిన మళ్లలో జాతులు తగ్గాయి. అదీ ఆధారం.

ఇలాంటి బొమ్మ కనిపిస్తే, ముందుగా ఏ బాణాలు గీశారో, తర్వాత వేటిని తీసేశారో వ్యాసంలో వెతకండి. ఆ వివరం లేకపోతే ఆ గుణకాలను రుజువుగా తీసుకోకండి.